మొహర్రం రోజున ఏమనాలి?

కొన్నేళ్ల కిందట మొహర్రం పదో రోజు పొద్దున్నే దబీర్‌పురాలో ఉండే మిత్రుడికి ‘పండుగ శుభాకాంక్షలు’ అని పంపాను. ఎవరో నాకు పంపిన పూల బొమ్మనే ఆయనకూ పంపేశాను. జవాబు రాలేదు. సాయంత్రం ఆయనే ఫోన్ చేసి, ‘అన్నా, పొద్దుటి నుంచి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు’ అన్నాడు. గొంతులో కోపం లేదు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

క్రీ.శ. 680లో ఆ పదో రోజునే కర్బలాలో ప్రవక్త మనవడు ఇమాం హుస్సేన్‌ను చంపారు. యూఫ్రటీస్ నది దగ్గరే ఉన్నా ఆయన శిబిరానికి నీళ్లు అందనివ్వలేదు. షియాల ఇళ్లలో ఆ పది రోజులూ పెళ్లిళ్లు చేయరు, శుభకార్యాలు పెట్టుకోరు. సున్నీల్లో చాలామంది ఆ రోజు ఉపవాసం ఉంటారు. పీర్లను ఒప్పుకోనివాళ్లూ వాళ్లలో ఉన్నారు. అందుకే మిత్రుడి ఇంట్లో ఆ రోజును ఎలా పాటిస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి.

నా పొరపాటుకు మన భాష కూడా కొంత కారణం. పల్లెల్లో దీన్ని ‘పీర్ల పండుగ’ అంటాం. అయితే ఆ పల్లెల్లో ఎవరూ శుభాకాంక్షలు చెప్పుకోరు. చావిడిలో పీర్లు లేచాయని తెలియగానే హిందువులు కూడా ఊదు, బెల్లం, దట్టీలు పట్టుకుని వెళతారు. అలావా చుట్టూ తిరుగుతారు. పానకం పోస్తారు. పీర్లను ఎత్తుకునేవాళ్లలో హిందువులు ఉన్న ఊళ్లూ చాలా ఉన్నాయి. అక్కడ పలకరింపంటే ‘ఈసారి పీర్లు ఎప్పుడు లేస్తున్నాయి?’ అని అడగడమే. ఆ ప్రశ్నలోనే ‘నేనూ వస్తాను’ అన్న మాట ఉంటుంది.

హైదరాబాద్‌లో ఈ సంతాపానికి నగరమంత వయసుంది. చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షాయే 1590ల్లో బాద్‌షాహీ అషూర్‌ఖానానూ కట్టించాడు. దాని గోడల మీది రంగు పెంకులతో కూర్చిన అలాల బొమ్మలు ఇప్పటికీ చూపు తిప్పుకోనివ్వవు. పదో రోజున దబీర్‌పురా నుంచి బీబీ కా అలం ఏనుగు మీద బయలుదేరి చాదర్‌ఘాట్ దాకా వెళుతుంది. ప్రవక్త కూతురు ఫాతిమాకు చివరి స్నానం చేయించిన చెక్క ముక్క అందులో ఉందని నమ్మకం. దారి పొడవునా ‘యా హుస్సేన్’ అంటూ గుండెలు బాదుకునే చప్పుడు. పక్కనే గ్లాసులతో షర్బత్ పంచేవాళ్లు. అది విందు కాదు, కర్బలాలో దాహంతో పోయినవాళ్ల తలపు.

మరుసటి ఏడు నేను బొమ్మ పంపలేదు. ‘అలం ఎన్నింటికి బయలుదేరుతుంది? నేనూ వస్తాను’ అని రాశాను. నిమిషంలో జవాబు వచ్చింది.

‘మధ్యాహ్నం. ఎండగా ఉంటుంది. నీళ్లు తెచ్చుకోకు, దారిలో మావాళ్లే ఇస్తారు.’