వేడిని కొలవని కేలరీమెట్రీ

లాటిన్‌లో ‘కాలోర్’ అంటే వేడి. 1780లలో లావోయిజియే, లాప్లాస్ గినీ పందిని మంచు మధ్య ఉంచి, కరిగిన నీటిని బట్టి దాని ఒంటి వేడిని కొలిచారు. ఐసీయూలో వాడే ‘ఇండైరెక్ట్ కేలరీమెట్రీ’ వేడి జోలికే పోదు. వెంటిలేటర్ గొట్టంలో రోగి వాడుకున్న ఆక్సిజన్‌ను, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి శక్తి ఖర్చును లెక్కగడుతుంది.

ఒక రోగిని ఊహించండి. ఆక్సిజన్ నిమిషానికి 250 మిల్లీలీటర్లు, కార్బన్ డయాక్సైడ్ 260. వీర్ సూత్రం ప్రకారం రోజు ఖర్చు సుమారు 1,830 కిలోకేలరీలు. అందుతున్నది 2,400! రెండో వాయువును మొదటిదానితో భాగిస్తే వచ్చే రెస్పిరేటరీ కోషెంట్ 1.04. ఒకటి దాటిందంటే మిగులు పిండిపదార్థం కొవ్వుగా మారుతోందని అనుమానం. ఆ అదనపు కార్బన్ డయాక్సైడ్‌తో వెంటిలేటర్ నుంచి బయటపడటమూ కష్టమవుతుంది. అందుకే ఫీడ్‌ను 1,800 దగ్గరికి తగ్గిస్తారు. ప్రొపోఫాల్ మత్తుమందులోని కొవ్వు కేలరీలనూ కలపాలి. చాలామంది మరిచేది అదే.

అయితే కోషెంట్ ఒక్కదాన్నే నమ్మకూడదు. కొలతకు ముందే వెంటిలేషన్ పెంచినా అది పెరుగుతుంది. గొట్టంలో లీకున్నా, ఇచ్చే గాలిలో ఆక్సిజన్ 60–70 శాతం దాటినా కొలతే తప్పుతుంది.