ముందస్తు బెయిల్: సరిహద్దు అవతల కేసు పెడితే ఏ కోర్టుకు వెళ్లాలి?

పావగడ తాలూకా క్యాతగానచెర్లులాంటి ఊళ్లలో మనవాళ్ల చుట్టరికాలూ బేరాలూ ఆంధ్రతో ముడిపడి ఉంటాయి. గొడవ వస్తే కేసు కూడా అటువైపు స్టేషన్‌లోనే నమోదు కావచ్చు. అందుకే ముందస్తు బెయిల్ గురించి ఆ కోణంలోనే చెబుతున్నాం. కన్నడ కాగితాల్లో దీన్ని ‘నిరీక్షణా జామీను’ అంటారు.

అరెస్టు కాకముందే, ‘అరెస్టు చేస్తే బెయిల్‌పై వదలండి’ అని కోర్టు ఇచ్చే ఉత్తర్వు ఇది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 482వ సెక్షన్ కింద వస్తుంది. పాత చట్టంలో ఇది 438. నాన్ బెయిలబుల్ నేరానికి మాత్రమే అడగాలి. తాలూకా మేజిస్ట్రేటు దీన్ని ఇవ్వలేరు, సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి. ఎఫ్‌ఐఆర్ పడేదాకా ఆగనక్కర్లేదు గానీ ‘పోలీసులు పట్టుకుంటారేమో’ అన్న ఉత్త అనుమానం చాలదు. ఎవరు, ఏ విషయంలో ఫిర్యాదు చేశారో చెప్పగలగాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసైతే సాధారణంగా ఈ దారి మూసుకున్నట్టే.

ఒక ఉదాహరణ చూద్దాం. క్యాతగానచెర్లు రైతు ఒకాయన వేరుశనగ బేరంలో మోసం చేశాడని మడకశిరలో కేసు పడిందనుకుందాం. ఆయన తుమకూరు జిల్లా సెషన్స్ కోర్టులో పూర్తి ముందస్తు బెయిల్ తెచ్చుకుంటే అది నిలవదు. రాజస్థాన్‌లో భార్య పెట్టిన కేసుకు బెంగళూరు కోర్టులో భర్త తెచ్చుకున్న అలాంటి బెయిల్‌ను 2023 నవంబర్ 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడి కోర్టుకు వెళ్లేందుకు ఆయనకు నాలుగు వారాల గడువు మాత్రం ఇచ్చింది.

అదే తీర్పు ఒక దారి కూడా చూపింది. సొంత ప్రాంతపు కోర్టు కొద్దికాలానికి పనికొచ్చే ‘ట్రాన్సిట్’ ముందస్తు బెయిల్ ఇవ్వొచ్చు. మొదటి విచారణ రోజునే అవతలి దర్యాప్తు అధికారికీ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కూ నోటీసు వెళ్లాలి. తాను నిజంగా ఇక్కడే ఉంటున్నట్టు, వెంటనే అక్కడి కోర్టుకు వెళ్లలేకపోవడానికి కారణమేమిటో రైతు చూపాలి. ప్రాణభయం, అనారోగ్యం లాంటివి చెల్లుతాయి. ‘దూరం, ఖర్చు’ అంటే ఒప్పుకుంటారని మేం అనుకోవడం లేదు. మడకశిర పక్కనే కదా! ఆ గడువులోగా ఆంధ్రలోని సంబంధిత సెషన్స్ కోర్టులో అసలు పిటిషన్ వేయాలి. వేయకపోతే గడువు ముగిశాక రక్షణ ఉండదు.

బెయిల్ వస్తే షరతులూ ఉంటాయి. బాండు రాసి, జామీనుదారులను చూపాలి. పొలం పహణిలాంటి పత్రాలతో మనిషి స్వయంగా రావాల్సి రావచ్చు. దర్యాప్తు అధికారి పిలిస్తే హాజరవ్వాలి. సాక్షులను బెదిరించకూడదు, ఆశ పెట్టకూడదు. కోర్టు అనుమతి లేకుండా దేశం దాటకూడదు. కొన్ని కేసుల్లో ఫలానా రోజున స్టేషన్‌లో సంతకం పెట్టమంటారు. మనవాళ్లు ఎక్కువగా జారిపడేది సాక్షుల దగ్గరే. ‘రాజీ మాట్లాడదాం’ అని ఫిర్యాదుదారు ఇంటికి వెళ్లినా, దాన్ని బెదిరింపుగా చూపి బెయిల్ రద్దు కోరవచ్చు. రాజీ మాటలేవైనా లాయర్ల ద్వారానే నడపండి.

2020 జనవరి 29 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, కోర్టు ప్రత్యేకంగా గడువు పెట్టకపోతే మామూలు ముందస్తు బెయిల్ చార్జిషీటు వేశాక కూడా విచారణ ముగిసేదాకా ఉంటుంది. ట్రాన్సిట్ ఉత్తర్వుకు ఇది వర్తించదు, దానిపై రాసిన తేదీ చూసుకోండి.