కదలని ట్రేడ్‌కు గడువు: టైమ్ స్టాప్ నడిచిన దారి

ధర ఇంతకు పడితే అమ్మేయాలన్న స్టాప్‌లాస్ నియమం ట్రేడర్లందరికీ తెలుసు. ఇన్ని రోజుల్లో కదలకపోతే అమ్మేయాలన్న నియమం, అంటే టైమ్ స్టాప్, అంతగా అలవాటు కాలేదు. నష్టం ఖాతాలో కనిపిస్తుంది, ఎదురుచూపుకయ్యే ఖర్చు కనిపించదు. అదే కారణం.

ఆ ఖర్చు లెక్కలో కనిపించిన కాలం మన దగ్గరే ఉంది. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో బద్లా నడిచిన రోజుల్లో, సెటిల్‌మెంట్ నాటికి డబ్బు కట్టి షేర్లు తీసుకోని కొనుగోలుదారు తన పొజిషన్‌ను తర్వాతి సెటిల్‌మెంట్‌కు జరుపుకోవాలంటే మామూలుగా బద్లా ఛార్జీ చెల్లించాల్సి వచ్చేది. షేరు ఉన్నచోటే ఉన్నా, జరిపిన ప్రతిసారీ జేబులోంచి డబ్బు పోయేది. 2001 జూలైలో బద్లా ఆగిపోయింది. సొంత డబ్బుతో డెలివరీ తీసుకునేవాడికి ఇప్పుడు అలాంటి బిల్లు రాదు. అందుకని గడువు తనకు తానే పెట్టుకోవాలి.

అమెరికాలో ఈ ఆలోచనకు ముందుగా మాటలిచ్చిన వాళ్లలో జెస్సీ లివర్‌మోర్ ఒకడు. 1940లో వచ్చిన తన పుస్తకంలో అతను ధరతోపాటు కాలాన్ని కూడా లెక్కలోకి తెచ్చాడు. కీలకమైన ధర దాటాక షేరు నడవాల్సినట్టు నడవకపోతే దాన్ని ప్రమాద సూచనగా తీసుకోవాలన్నాడు. అయితే అది అనుభవజ్ఞుడి అంచనా. దాన్ని పరీక్షించి చూసే పద్ధతి తర్వాత వచ్చింది. 1990లో టోబీ క్రాబెల్ ఫ్యూచర్స్ ధరలపై జరిపిన పరీక్షల్ని పుస్తకంగా వేశాడు. ఉదయం బ్రేక్‌అవుట్‌లో తీసుకున్న ట్రేడ్‌ను ఆ రోజు ముగింపు ధరకే మూసేసి ఫలితం లెక్కగట్టడం అందులోని ప్రధాన పద్ధతి. అక్కడ గడువు వ్యూహంలోనే భాగం. 2018లో మార్కోస్ లోపెజ్ డి ప్రాడో దీనికి స్పష్టమైన రూపమిచ్చాడు. అతని పద్ధతిలో ప్రతి ట్రేడ్‌కూ మూడు గోడలుంటాయి: పైన లాభం, కింద నష్టం, కుడివైపున గడువు. ఏ గోడ ముందు తగిలితే ట్రేడ్ అక్కడ ముగిసినట్టు.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత లెక్కతో చూద్దాం. నాలుగు లక్షల పెట్టుబడిని నాలుగు పొజిషన్లుగా పంచుకున్న స్వింగ్ ట్రేడర్ ఒక షేరును బ్రేక్‌అవుట్‌లో రూ.400 చొప్పున 250 కొన్నాడు. స్టాప్‌లాస్ 384, టార్గెట్ 432. అంటే పోతే 4,000, వస్తే 8,000. తన పాత ట్రేడ్లను తిరగేస్తే, లాభించిన వాటిలో ఎక్కువ భాగం పది సెషన్లలోపే రిస్కులో సగం, అంటే 8 రూపాయలు, పైకి వెళ్లినట్టు తేలింది. కాబట్టి నియమం ఇలా రాసుకున్నాడు: పదో సెషన్ ముగిసేలోపు ఒక్కసారైనా 408 పైన క్లోజ్ కాకపోతే మర్నాడు అమ్మేయాలి. పదో రోజు ధర 402. అమ్మితే 500 మిగిలినట్టే ఉంటుంది. కానీ కొన్నప్పుడూ అమ్మినప్పుడూ పడే 0.1 శాతం ఎస్‌టీటీకే దాదాపు 200 పోతుంది. మిగతా ఛార్జీలు కూడా తీసేస్తే చేతికొచ్చేది చాలా కొద్ది.

అయినా అమ్మడమే మేలు. ఎందుకో అతని రికార్డే చెబుతుంది. పది రోజులు కదలని ట్రేడ్లను ఇంకో ఇరవై రోజులు ఉంచితే సగటున 400 వచ్చిందనుకుందాం. కొత్త సెటప్ పది రోజుల్లో సగటున 1,200 ఇచ్చిందనుకుందాం. అదే లక్ష రూపాయలు ఇరవై రోజుల్లో రెండు కొత్త ట్రేడ్లు చేస్తే 2,400. ఈ 2,000 తేడాయే ఎదురుచూపుకు అతను కట్టే బద్లా.

ఈ లెక్క నిలవాలంటే డబ్బు ఖాళీ అయ్యేసరికి కొత్త సెటప్ సిద్ధంగా ఉండాలి. నాలుగు పొజిషన్లలో రెండు ఎప్పుడూ ఖాళీగా ఉండేవాడికి టైమ్ స్టాప్ ఛార్జీలు పెంచడం తప్ప పెద్దగా చేసేదేమీ ఉండదు. దీర్ఘ ట్రెండ్‌ల మీద ఆధారపడే వ్యూహాలకూ ఇది సరిపడకపోవచ్చు. 1983లో రిచర్డ్ డెన్నిస్ శిక్షణ మొదలుపెట్టిన టర్టిల్ ట్రేడర్లు, కొన్న పొజిషన్‌ను పది లేదా ఇరవై రోజుల కనిష్ఠం తెగినప్పుడు మూసేవారు. అరుదుగా వచ్చే పెద్ద ట్రెండే వాళ్ల సంపాదన. దాని కోసం వేచి ఉండటం ఆ పద్ధతిలో భాగం.

గడువును సరిగా ఎంచుకున్నామా అన్నది రెండు గుర్తులతో తెలుస్తుంది. పది రోజులకు బాగున్న ఫలితం తొమ్మిదికీ పదకొండుకూ చెడిపోతే, ఆ అంకె పాత ధరలకు అతికినట్టు కుదిరిందే తప్ప ముందుకు పనికిరాదు. రెండోది, గడువు తీరి అమ్మేసిన షేర్లను రికార్డులోంచి తీసేయకుండా ఆ తర్వాతి ఇరవై సెషన్లూ రాసుకోవాలి. వాటి సగటు, వాటి స్థానంలో కొన్నవాటి సగటును దాటుతూ ఉంటే గడువు పొడిగించాల్సిందే.