స్కాన్ చేసిన మార్కుల మెమోల్లో దిద్దుబాట్ల గుర్తింపు

హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల ఉంది. మెమో కాగితంగా చేతికి వచ్చినంతకాలం అక్కడి పరీక్షకులు కాగితాన్నే చదివేవారు. బ్లేడుతో గీకిన చోట పీచు లేస్తుంది. కంటికి ఒకేలా ఉన్న రెండు సిరాలు అతినీలలోహిత, పరారుణ కాంతుల్లో వేరుపడతాయి. దరఖాస్తులతో స్కాన్ ప్రతులు పంపడం మొదలయ్యాక ఈ ఆనవాళ్లు దొరకవు. వెతకాల్సింది బొమ్మలోనే.

మొదట చూసేది అక్షర రూపం. 2017లో పాకిస్తాన్‌లో పనామా పత్రాల విచారణలో 2006 తేదీతో ఉన్న దస్తావేజు కాలిబ్రి ఫాంటులో ఉందని తేలింది. ఆ ఫాంటు జనానికి విస్తృతంగా అందింది 2007లో. అయితే మెమో దిద్దేవాళ్లు ఎక్కడినుంచో ఫాంటు తేనక్కర్లేదు, అదే మెమోలోని అంకెను నకలు తీసి అతికిస్తే రూపం సరిపోతుంది.

ఉదాహరణకు గణితంలో 38ని 88 చేశారనుకుందాం. రెండో అంకె 8నే నకలు తీసి 3 మీద పెట్టారు. నిజంగా ముద్రించిన రెండు 8లు స్కాన్‌లో సాధారణంగా అచ్చంగా ఒకటి కావు. సిరా అంచు, స్కానర్ రేణువుల మచ్చలు మారతాయి. ఇక్కడ ఆ మచ్చలు కూడా జంటగా కనబడితే అతుకు బయటపడినట్టే. ఇలాంటి జంటలను కంప్యూటరుతో వెతికే పద్ధతిని 2003లో జెస్సికా ఫ్రిడ్రిచ్, సహచరులు ప్రతిపాదించారు.

తర్వాత వరస. కాగితం స్కానర్‌లో అరడిగ్రీ వాలితే 15 సెంటీమీటర్ల వరస రెండో కొసకు సుమారు 1.3 మిల్లీమీటర్లు జారుతుంది. 300 డీపీఐలో అది 15 పిక్సెళ్లు. పక్క అంకెలన్నీ ఆ వాలులో ఉండి ఒక్కటి నిటారుగా నిలిస్తే అనుమానించాలి. కానీ ముందే అచ్చయిన ఫారాల మీద తర్వాత మార్కులు కొట్టినప్పుడు అంకెలన్నీ గడుల నుంచి పక్కకు జరగడం మామూలే. అన్నీ కలిసి జరిగితే ప్రింటరు తప్పు, ఒక్క అంకె జరిగితేనే సందేహం. ఈ తేడా పట్టించుకోకపోతే నిజమైన మెమో తెచ్చిన పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది.

చెరిపిన చోట నేపథ్యంలోని సన్నని గీతలు తెగిపోతాయి, లేదా చుట్టూ గరుకుగా ఉండి అక్కడొక్కచోటే నున్నగా ఉంటుంది. బొమ్మను బాగా పెద్దది చేసి, వెలుగునీడల తేడా పెంచితే ఇది కంటికే తెలుస్తుంది. 2007లో నీల్ క్రావెట్జ్ ప్రచారంలోకి తెచ్చిన ఎర్రర్ లెవెల్ ఎనాలిసిస్ జేపెగ్ కుదింపు తేడాలను చూపుతుంది. నల్ల అక్షరాల అంచులు అందులో ఎటూ మెరుస్తాయి, అందుకే అదొక్కటే చాలదు.

దిద్దిన ప్రతిని ముద్రించి మళ్లీ స్కాన్ చేసినా, వాట్సాప్‌లో పంపినా ఈ ఆనవాళ్లు చాలావరకు పోతాయి. అప్పుడు మిగిలేది లెక్క: అక్షరాల్లో రాసిన మార్కులు, మొత్తం అంకెలతో కలుస్తున్నాయా అన్నది. చివరి మాట మాత్రం మెమో ఇచ్చిన బోర్డు లేదా విశ్వవిద్యాలయం రికార్డుదే. 2015లో మొదలైన డిజిలాకర్ వల్ల, 2022లో తెలంగాణ ఉన్నత విద్యామండలి తెచ్చిన ఆన్‌లైన్ తనిఖీ సేవ వల్ల ఆ రికార్డును నేరుగా చూసే వీలు కలిగింది.