స్పేస్ ఎక్కడ పెట్టాలి? తెలుగులో సంధికీ ఖాళీకీ మధ్య గొడవ ఎలా మొదలైంది

ఈ రోజు ఎపిసోడ్‌లో ముందు రెండు మెసేజ్‌లు చూద్దాం. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో పెట్టారనుకోండి.

"తాతయ్య మెట్ల మీద నుంచి పడిపోయారు."

"తాతయ్య మెట్ల మీద నుంచి పడి పోయారు."

మొదటిది చదివితే ఆటో పిలుస్తాం, ఆసుపత్రికి పరిగెడతాం. రెండోది చదివితే ఊరికి టికెట్ కొంటాం. "పడిపోయారు" అంటే కింద పడ్డారు. "పడి పోయారు" అంటే పడ్డారు, దాంతో చనిపోయారు. అక్షరాలన్నీ అవే. తేడా అంతా మధ్యలో ఉన్న ఆ చిన్న ఖాళీలోనే ఉంది.

ఇంత బరువు మోసే ఈ ఖాళీ తెలుగు రాతలో మొదటి నుంచీ లేదు. మన సంధి సూత్రాలు తయారైన రోజుల్లో స్పేస్ అనే ఆలోచనే పెద్దగా లేదు. ఎక్కడ కలపాలి, ఎక్కడ విడదీయాలి అని ఇవాళ మనకొచ్చే డౌట్లలో చాలావాటి మూలం అక్కడుంది. అందుకే కథ అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఖాళీ లేని కాలం

కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుల శాసనం ఒకటి ఉంది. సుమారు క్రీ.శ. 575 నాటిదంటారు. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లో అదొకటి. పాత శాసనాల్లోనూ, తర్వాత తాటాకు పుస్తకాల్లోనూ మామూలుగా అక్షరాలు వరసగా వెళ్తూనే ఉంటాయి. ఒక మాట ఎక్కడ ముగిసిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో చూపించడానికి మధ్యలో ఖాళీ వదలరు.

మరి చదివేవాళ్ళకి ఎలా తెలిసేది? చదవడం అంటే అప్పట్లో ఎక్కువగా పైకి చదవడమే. నోరు పలుకుతుంటే చెవి విరుచుకునేది. అయినా తికమక ఉండేది. "వానరాకముందే" అని కలిపి రాస్తే కన్ను ముందు "వానర" దగ్గర ఆగుతుంది, కోతి గుర్తొస్తుంది. రెండు అక్షరాలు ముందుకెళ్ళాక గానీ అది "వాన రాకముందే" అని తెలియదు.

ఈ తికమకనే ఆయుధంగా వాడుకున్న కవి కూడా ఉన్నాడు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయం అనే కావ్యం రాశాడు. అవే పద్యాలు ఒక రకంగా చదివితే రామాయణం, ఇంకో రకంగా చదివితే భారతం. కొన్ని చోట్ల ఒకే మాటకి రెండు అర్థాలు ఉంటాయి. కొన్ని చోట్ల అవే అక్షరాల్ని వేరే చోట విరిస్తే వేరే మాటలొస్తాయి. అలాంటి చోట స్పేస్ పెట్టారంటే రెండు కథల్లో ఒకటి చచ్చిపోయినట్టే.

సంధి నోటి రూలు

ఇప్పుడు వ్యాకరణంలోకి వద్దాం. భయపడకండి, మూడు మాటలు చాలు: నిత్యం, వైకల్పికం, బహుళం. నిత్యం అంటే సంధి చేసి తీరాలి. వైకల్పికం అంటే చేసినా సరే, మానినా సరే. బహుళం అంటే ఒక చోట జరుగుతుంది, ఇంకో చోట జరగదు, మాటని బట్టి ఉంటుంది.

మొదటి మాట చివర ఉ ఉండి, రెండో మాట అచ్చుతో మొదలైతే ఉత్వ సంధి. అది నిత్యం. ఏమి, కి లాంటి కొన్నిటి చివర ఉన్న ఇ మీద ఇత్వ సంధి, అది వైకల్పికం. అందుకే పాత భాషలో "ఏమంటివి", "ఏమియంటివి" రెండూ ఒప్పే. చివర అ ఉంటే అత్వ సంధి, అది బహుళం. ఈ లెక్కలన్నీ పక్కాగా కట్టి, బడి పిల్లలకి అందేలా పెట్టిన పుస్తకం పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం. 1858లో వచ్చింది. దానికి ఐదేళ్ళ ముందు, 1853లో, ఆయన నీతిచంద్రికలో ఈ నియమాలు పాటిస్తూ వచనం ఎలా రాయాలో చేసి చూపించాడు. తర్వాత చాలాకాలం బళ్ళో "మంచి తెలుగు" అంటే ఆ పద్ధతే.

ఒక వాక్యం తీసుకుని చేసి చూద్దాం.

వాడు ఇంటికి ఎందుకు ఆలస్యంగా వచ్చాడు?

వాడు, ఇంటికి. ఉ పోతుంది, "వాడింటికి". ఇంటికి, ఎందుకు. ఇ పోతుంది, "ఇంటికెందుకు". ఎందుకు, ఆలస్యంగా. మళ్ళీ ఉ పోతుంది, "ఎందుకాలస్యంగా". అన్నీ కలిపితే:

వాడింటికెందుకాలస్యంగా వచ్చాడు?

మీరే పైకి అని చూడండి. గబగబా మాట్లాడేటప్పుడు మన నోరు దాదాపు ఇలాగే పలుకుతుంది. అంటే సంధి పండితులు కనిపెట్టింది కాదు. నోరు చేసే పనిని వాళ్ళు సూత్రంగా రాసుకున్నారు.

అచ్చులో ఇరుకున పడింది

అసలు సమస్య అచ్చు యంత్రంతో వచ్చింది. అచ్చుపనిలో ఖాళీ అంటే ఊరికే వదిలేసిన చోటు కాదు. అక్షరం ఎలా సీసపు ముక్కో, ఖాళీ కూడా అలాగే ఒక ముక్క. దాన్ని ఎక్కడో ఒక చోట పెట్టాలి, లేదా మానెయ్యాలి. కంపోజిటర్ ప్రతిసారీ నిర్ణయం తీసుకోవాల్సిందే.

ఇప్పుడు "వాడింటికి" చూడండి. ఇందులో రెండు మాటల మధ్య హద్దు ఎక్కడుంది? "డిం" అనే అక్షరం లోపల! అందులో డ్ అనే హల్లు మొదటి మాటది, ఇ అనే అచ్చు రెండో మాటది. మన లిపిలో గుడి డ మీదే కూర్చుంటుంది కాబట్టి ఆ రెంటినీ చీల్చి మధ్యలో ఖాళీ పెట్టడం కుదరదు. "వా డింటికి" అని పెడితే హద్దు తప్పు చోట పడుతుంది. "వాడిం టికి" అన్నా అంతే.

కాబట్టి దారులు రెండే. సంధి చేస్తే స్పేస్ ఉండదు. స్పేస్ కావాలంటే సంధి మానాలి. సంధి చెయ్యాల్సిన చోట మానేస్తే దాన్ని విసంధి అంటారు, పాత లెక్కలో అది దోషం. అంటే కంటికి సుఖంగా ఉన్నది వ్యాకరణానికి తప్పయ్యింది.

గిడుగు వేసిన ప్రశ్న

20వ శతాబ్దం మొదట్లో ఇది పెద్ద యుద్ధంలో భాగమైంది. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి, కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు ఒక పక్క. జయంతి రామయ్య పంతులు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఇంకో పక్క. గొడవ కేవలం సంధి గురించి కాదు, బళ్ళో పుస్తకాలు ఏ భాషలో ఉండాలన్నది. కానీ పిల్లాడి కాంపోజిషన్‌లో ఎర్ర సిరా పడే చోట్లలో విసంధి ఒకటి.

గిడుగు వాదన ఇంజినీర్ చేసే టెస్టింగ్ లాంటిది. ఈ రూల్స్ అన్నీ తప్పకుండా పాటించాలంటున్నారు కదా, మరి మీరు పాటిస్తున్నారా అని అడిగాడు. పండితుల పుస్తకాలే తీసి, వాళ్ళు పెట్టుకున్న వ్యాకరణం ప్రకారం వాళ్ళే ఎక్కడెక్కడ తప్పారో జాబితా వేశాడు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అనే పుస్తకంలో పని అదే. పండితులకే సాధ్యం కానిది పిల్లల మార్కులకి కొలబద్ద ఎలా అవుతుంది?

నిజానికి సంస్కృత పండితుల్లోనే ఒక పాత ఒప్పందం ఉంది. ఒకే పదం లోపల, ఉపసర్గకీ ధాతువుకీ మధ్య, సమాసం లోపల సంధి తప్పనిసరి. వాక్యంలో విడి మాటల మధ్య మాత్రం చెప్పేవాడి ఇష్టం. ఇవాళ తెలుగు వచనం చివరికి చేరుకున్నది దాదాపు ఇక్కడికే. పత్రికలు, కథలు, నవలలు వాక్యంలో సంధిని ఐచ్ఛికం చేసేశాయి. "వాడు ఇంటికి ఎందుకు ఆలస్యంగా వచ్చాడు" అని విడివిడిగా రాస్తే ఇప్పుడు ఎవరూ దోషం అనరు.

మరి ఇప్పుడు మనం ఎలా తేల్చాలి?

ఈ చరిత్ర నుంచే మూడు పరీక్షలు వస్తాయి.

ఒకటి, శబ్దం మారిందా? అన్న, తమ్ముడు కలిస్తే "అన్నదమ్ములు". త కాస్తా ద అయింది. "తల్లిదండ్రులు" అలాగే, "కూరగాయలు" అలాగే. శబ్దం మారితే అతుకు పడినట్టే, స్పేస్ పెట్టకూడదు. "తల్లి దండ్రులు" అని రాస్తే "దండ్రులు" అనే మాట విడిగా ఎక్కడా లేదు కదా! "వాడింటికి" కూడా ఈ కోవలోదే. సంధి చెయ్యడం మీ ఇష్టం, కానీ చేశాక కలిపే రాయాలి.

రెండు, అర్థం మారిందా? "మంచి నీళ్ళు" అంటే బాగున్న నీళ్ళు, "మంచినీళ్ళు" అంటే తాగే నీళ్ళు. "పెద్ద మనిషి" ఆకారంలో పెద్ద, "పెద్దమనిషి" మర్యాదస్థుడు. "పడిపోయారు"లో పోవడం అనే సొంత అర్థం కరిగిపోయి, పని పూర్తయిందని చెప్పే తోకగా మిగిలింది. అందుకే అది కలిసింది. "పడి పోయారు"లో పోవడం ఇంకా సొంతంగా నిలబడి ఉంది.

మూడు, ఆ ముక్క ఒంటరిగా నిలబడగలదా? లో, కి, తో, ని లాంటివి నిలబడలేవు. కాబట్టి ముందు మాటకి అంటుకోవాలి. ఇక్కడే ఫోన్ మనల్ని ఇబ్బంది పెడుతుంది. హైదరాబాద్ అని కొట్టి వెంటనే లో కొడితే "హైదరాబాద్లో" అవుతుంది, ల వెళ్ళి ద కింద ఒత్తుగా దిగుతుంది. అది చూసి చాలామంది మధ్యలో స్పేస్ కొట్టేస్తారు. కంప్యూటర్ దాన్ని రెండు మాటలుగా లెక్కపెడుతుంది, లైను చివర "లో" విడిపోయి కింది లైనుకి జారుతుంది. దీనికి సరైన మందు U+200C అనే కనిపించని క్యారెక్టర్. కొన్ని తెలుగు కీబోర్డుల్లో దానికి కీ ఉంటుంది. వెడల్పు సున్నా, పని మాత్రం ఒత్తు పడకుండా ఆపడం. అప్పుడు "హైదరాబాద్‌లో" అని ఒకే మాటగా ఉంటుంది.

కీ దొరకలేదా? మన పెద్దవాళ్ళ మందు ఉంది: "హైదరాబాదులో". బయటి మాటలు హల్లుతో ముగిస్తే తెలుగు చివర ఒక ఉ తగిలిస్తుంది. బస్ అలాగే బస్సు అయింది, "బస్సులో" అనడానికి ఏ ఇబ్బందీ లేదు. అచ్చు ఎదురైతే ఆ ఉ మళ్ళీ మర్యాదగా తప్పుకుంటుంది: "బస్సెక్కాడు". ఉత్వ సంధి అంటే ఇదే కదా!

ఈ మూడూ తేల్చని చోట్లూ ఉన్నాయి. "చేయడం లేదు", "చేయడంలేదు" రెండూ అచ్చులో కనిపిస్తాయి. "కోసం" కూడా అంతే, ఒకరు కలుపుతారు, ఒకరు విడదీస్తారు. అక్కడ శబ్దం మారలేదు, అర్థం మారలేదు. అలాంటప్పుడు ఏదో ఒకటి ఎంచుకుని, మీరు రాసే దాంట్లో మొదటి నుంచి చివరి దాకా అదే వాడండి. చదివేవాళ్ళ కన్ను ఎక్కడా ఆగకుండా వెళ్తే చాలు.

వచ్చే ఎపిసోడ్‌లో అరసున్నా ఎటు పోయిందో చూద్దాం. ఉంటానండీ.