ఆడే పిల్లలకు ఎంత తిండి కావాలి? వెయింగ్ మెషీన్ చూపించని లెక్క

సూరత్‌లో తాపీ నదికి పశ్చిమాన ఉన్న అడాజన్‌లో సాయంత్రం నాలుగయ్యేసరికి చాలామంది పిల్లలు బ్యాట్లు, కిట్ బ్యాగులు తీసుకుని కోచింగ్‌కు బయల్దేరతారు. 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో టీమ్ స్వర్ణం గెలిచిన జట్లలో ఆడిన హర్మీత్ దేశాయ్ ఈ ఊరి ఆటగాడే కావడంతో ఇక్కడ టేబుల్ టెన్నిస్‌కు ప్రత్యేకమైన ఆదరణ ఉంది. కోచింగ్‌లో చేరిన కొన్ని నెలలకు తల్లిదండ్రులకు ఒక మాట వినబడటం మామూలే: "ఇంకో రెండు కిలోలు తగ్గితే కాలు వేగంగా కదులుతుంది."

ఆ మాట పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఎందుకు ప్రమాదమో, దాని బదులు ఇంట్లో ఏం చేయాలో ఈ కథనంలో చూద్దాం.

ముందు ఆట, తర్వాతే ఒళ్లు

తిన్న తిండిని శరీరం ఎలా ఖర్చు చేస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఆడుతున్నప్పుడు కండరాలకు కావాల్సిన శక్తి అప్పటికప్పుడు ఖర్చయిపోతుంది. అందులో బేరాలు ఉండవు. అది పోగా మిగిలిన శక్తితోనే గుండె, మెదడు, రోగనిరోధకత, హార్మోన్లు, ఎముకలు, ఎదుగుదల అన్నీ నడవాలి. మిగిలింది చాలకపోతే శరీరం అప్పటికి అత్యవసరం కాని పనులను తగ్గించుకుంటూ వస్తుంది. ముందుగా దెబ్బ తగిలేది నెలసరికి, ఎముకల బలానికి, ఎదుగుదలకు.

ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో 'రెడ్-ఎస్' అని పేరు పెట్టారు. ఆటకు తగినంత తినకపోవడం వల్ల వచ్చే శక్తి లోటు అని దాని అర్థం. అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ ఇది వస్తుంది.

ఇందులో తల్లిదండ్రులను తప్పుదారి పట్టించే విషయం ఒకటుంది. శక్తి లోటు ఉన్నా బరువు తగ్గకపోవచ్చు. శరీరం ఖర్చులు తగ్గించుకుని ఉన్నదాంతోనే నెట్టుకొస్తుంది. అందుకే వెయింగ్ మెషీన్ మీద అంకె మారలేదు కాబట్టి సరిపడా తింటోందని అనుకోవడానికి లేదు.

ఒక రోజు లెక్క

ఉదాహరణకు అడాజన్‌లో ఒక తెలుగు ఇంటి అమ్మాయిని ఊహించుకుందాం. వయసు 14, బరువు 48 కిలోలు. ఉదయం ఏడింటికి బడి, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా టేబుల్ టెన్నిస్, ఆ తర్వాత ట్యూషన్, తొమ్మిదింటికి భోజనం.

పొద్దున్నే ఆకలి లేదని ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లతో సరిపెడుతుంది. అది సుమారు 200 కేలరీలు. బడి డబ్బాలో రెండు మేథీ థేప్లాలు, ఊరగాయ, అంటే ఇంకో 300. మధ్యాహ్నం ఇంటికొచ్చి రెండు పుల్కాలు, ఒక కప్పు అన్నం, పప్పు, కూర తింటే 550 దాకా వస్తాయి. కోచింగ్‌కు వెళ్తూ ఒక చిన్న బిస్కెట్ ప్యాకెట్, 150. రాత్రి రెండు పుల్కాలు, కూర, మజ్జిగ కలిపి 350. మొత్తం 1,550.

ఈ పళ్లేలు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. మూడు పూటలా తింటోంది, ఇంటి తిండే తింటోంది. అయితే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల అమ్మాయికి రోజుకు 2,400 కేలరీలు కావాలి. అదీ ఓ మోస్తరుగా కదిలే అమ్మాయికి. రెండున్నర గంటల కోచింగ్‌కు మరో మూడు, నాలుగు వందలు కలుపుకుంటే అవసరం 2,700 దాటుతుంది.

ఇప్పుడు రెండో వైపు నుంచి చూద్దాం. ఆటకు సుమారు 450 ఖర్చయిందనుకుంటే ఒంటికి మిగిలేది 1,100. కొవ్వు తీసేస్తే ఈ అమ్మాయి శరీరం 37 కిలోలు ఉంటుందనుకోండి. అప్పుడు కిలోకు 30 కేలరీలు కూడా సరిగ్గా దక్కడం లేదు. వయోజన మహిళలపై జరిపిన ప్రయోగాల్లో ఆ అంకెకు దిగువన ఐదు రోజుల్లోనే హార్మోన్లలో తేడాలు కనిపించాయి. 30 అనేది అందరికీ ఒకేలా వర్తించే గీత కాదు. కానీ పెరిగే పిల్లలకు ఎదుగుదల ఖర్చు అదనంగా ఉంటుంది కాబట్టి వాళ్లకు పెద్దవాళ్లకంటే ఎక్కువే కావాలి.

ఎక్కడ కలపాలి

దాదాపు 1,100 కేలరీలు ఒకే పూట పళ్లెంలో కుమ్మరిస్తే పిల్ల తినలేదు. ఖాళీగా ఉన్న చోట్లే నింపాలి. ఈ రోజులో ఖాళీలు స్పష్టంగా కనిపిస్తున్నాయి: బడికి ముందు, కోచింగ్‌కు ముందు, కోచింగ్ అయిన వెంటనే.

ఉదయం బిస్కెట్ల బదులు మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ లేదా ఒక పెసరట్టు పెడితే పాలతో పాటు ఇంకో 250 దాకా కలుస్తాయి. పొద్దున తినలేకపోతే అదే ఇడ్లీ బడి డబ్బాలో థేప్లాల పక్కన పెట్టవచ్చు. మధ్యాహ్నం మూడున్నరకు ఒక అరటిపండు, చిన్న పల్లీ చిక్కీ ఇస్తే మరో 250. ఆటకు గంట ముందు తినేవి తేలిగ్గా అరగాలి. ఆ సమయంలో నూనె వేపుళ్లు, పెద్ద గిన్నెడు మొలకలు ఇస్తే కడుపు బరువుగా ఉండి ఆడలేక, రేపటి నుంచి అసలు తిననంటుంది.

ఏడింటికి కోచింగ్ అయ్యాక రాత్రి భోజనం దాకా ఆగాల్సిన పని లేదు. బ్యాగులో సుఖ్డీ ముక్క ఉంటే చాలు. గోధుమపిండి, నెయ్యి, బెల్లంతో చేసే ఈ గుజరాతీ తీపి దాదాపు ప్రతి ఇంట్లో దొరుకుతుంది. మనకైతే సున్నుండ ఉంది. దానితో ఒక గ్లాసు లస్సీయో పాలో తాగితే దాదాపు 300. రాత్రి పుల్కాలకు తోడు ఒక కప్పు అన్నం, పప్పు, చెంచా నెయ్యి, పెరుగు చేరిస్తే ఇంకో 350. రోజు మొత్తం 2,700కు చేరుతుంది. వంటలో మారింది తక్కువే. మారింది ఎక్కువగా వేళలు.

ఆరోగ్యం పేరుతో చాలా ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. అన్నం తగ్గించి సలాడ్, మొలకలు, పీచు ఎక్కువున్న వంటలు పెంచుతారు. పెద్దవాళ్లకు అవి మంచివే. ఆడే పిల్లకు మాత్రం కేలరీలు నిండకముందే కడుపు నిండిపోతుంది. నెయ్యి, పల్లీలు, నువ్వులు, బెల్లం లాంటివి కొద్దిగా తిన్నా ఎక్కువ శక్తినిస్తాయి కాబట్టి ఇక్కడ అవే పనికొస్తాయి.

ప్రొటీన్ పొడి గురించి కూడా ఇదే తర్కం. మొత్తం శక్తి చాలనప్పుడు తిన్న ప్రొటీన్‌లో కొంత ఇంధనంగా కాలిపోతుంది. అంటే అన్నం తగ్గించి డబ్బా పొడి కొనడం ఖరీదైన కట్టెలు పొయ్యిలో పెట్టడమే. పప్పు, పెరుగు, పాలు, పల్లీలు రోజూ ఉండి, మొత్తం తిండి సరిపోతే శాకాహారంలోనూ ఆ అవసరం తీరుతుంది.

ఉపవాసాలు వచ్చినప్పుడు

ఆషాఢంలో గుజరాతీ అమ్మాయిలు ఐదు రోజులు గౌరీ వ్రతం చేస్తారు. మోరాకత్ అని కూడా అంటారు. ఆ రోజుల్లో ఉప్పు లేని తిండే తింటారు. స్నేహితురాళ్లతో పాటు మన పిల్లలూ చేస్తామంటారు. వద్దనక్కర్లేదు. కానీ సూరత్ వానాకాలపు ఉక్కలో చెమటతో ఉప్పు పోతూ ఉంటే, తిండిలో ఉప్పు లేకుండా పూర్తి స్థాయి ప్రాక్టీస్ చేయించకూడదు. ఆ ఐదు రోజులూ ఆటను సర్వీస్, టెక్నిక్ సాధనకు పరిమితం చేయాలని కోచ్‌కు ముందే చెప్పాలి. పాలు, పండ్లు, జీడిపప్పు, బాదం మామూలు కంటే ఎక్కువ పెట్టాలి.

బరువు పెరగడం ఎందుకు సహజం

అమ్మాయిలు సగటున 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిలు 14 దగ్గర అత్యంత వేగంగా పొడవు పెరుగుతారు. బరువు పెరిగే వేగం ఆ తర్వాత కొన్ని నెలలకు పుంజుకుంటుంది. కోచ్ కంటికి "ఈ మధ్య ఒళ్లు చేసింది" అనిపించేది సరిగ్గా అప్పుడే. పెద్దయ్యాక ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు నాలుగో వంతు, ఆ వేగవంతమైన ఎదుగుదల చుట్టూ ఉన్న రెండేళ్లలోనే చేరుతుంది. ఆ రెండేళ్లూ తిండి కోస్తే పోయిన ఎముక బలం తర్వాత పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

అమెరికా పరుగుల క్రీడాకారిణి మేరీ కెయిన్ 2013లో 17 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్‌షిప్ జట్టులోకి వచ్చారు. బరువు తగ్గాలంటూ తనపై ఎడతెగని ఒత్తిడి తెచ్చారని, మూడేళ్లు నెలసరి ఆగిపోయిందని, ఐదు ఎముకలు విరిగాయని ఆమె 2019లో బయటపెట్టారు. ఈ ఒత్తిడి మొదలైంది వేగం పెంచడానికే. చివరకు పోయింది ఆ వేగమే.

ఏం గమనించాలి

నెలకోసారి బరువు చూడటం కంటే మూడు, నాలుగు నెలలకోసారి పొడవు, బరువు రెండూ కొలిచి పిల్లల డాక్టర్ దగ్గరుండే ఎదుగుదల చార్టులో పెట్టించడం ఉపయోగం. పిల్ల ఏ గీత వెంట పెరుగుతోందో ముఖ్యం. ఆ గీత నుంచి కిందికి జారుతుంటే అడగాలి.

15 ఏళ్లు నిండినా నెలసరి మొదలవకపోవడం, మొదలై మూడు నెలలు వరసగా రాకపోవడం ఆటలో మామూలే అని వదిలేయకూడదు. పిక్క ముందు భాగంలో లేదా పాదంలో ఒకే చోట తగ్గని నొప్పి, తరచూ జలుబు, ఊరికే చిరాకు, ఎంత సాధన చేసినా ఆట మెరుగవకపోవడం కూడా గుర్తులే. అబ్బాయిల్లో చెప్పుకోదగ్గ గుర్తు నెలసరి లాంటిది ఏదీ లేదు కాబట్టి ఇది ఆలస్యంగా బయటపడుతుంది. పైగా వాళ్ల అవసరం ఎక్కువ. 16 నుంచి 18 ఏళ్ల అబ్బాయికి ఆట లెక్క కలపకముందే 3,320 కేలరీలు కావాలి.

తిండి దాచేయడం, అందరితో కలిసి తినకుండా తప్పించుకోవడం, తిన్నాక బాత్రూమ్‌కు వెళ్లి వాంతి చేసుకోవడం కనిపిస్తే ఎక్కువ పెట్టడంతో అది తీరదు. పిల్లల డాక్టర్‌ను, మానసిక వైద్యులను కలవాలి.

కోచ్‌తో ఏం మాట్లాడాలి

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో తల్లిదండ్రులకు ఇచ్చిన సూచనల్లో ఒకటి: పిల్లల ముందు బరువు మాట ఎత్తొద్దు, కలిసి కూర్చుని తినండి. ఇది కోచ్‌కూ వర్తిస్తుంది. "బరువు విషయం అమ్మాయితో కాదు, మాతో మాట్లాడండి" అని మర్యాదగా చెప్పవచ్చు. కాలు నెమ్మదిగా కదులుతోందంటే దాన్ని ఫుట్‌వర్క్ డ్రిల్‌తో, కాళ్ల బలంతో సరిచేయమని అడగవచ్చు. నిజంగానే బరువు ఆరోగ్యానికి ఇబ్బంది అనిపిస్తే తేల్చాల్సింది డాక్టర్. అప్పుడు కూడా పెరిగే పిల్లల్లో సాధారణంగా లక్ష్యం బరువు తగ్గించడం కాదు, పొడవు పెరిగేలోపు ఉన్న బరువును నిలబెట్టడం.

కోచింగ్ సెంటర్‌లో అందరి ముందు పిల్లల బరువు తూచి గోడ మీద రాసే అలవాటు ఉంటే, దాన్ని ఆపమని అడగటం ఆ పిల్లల తల్లిదండ్రులందరూ కలిసి చేయగల పని.