డిమాండు ధర వ్యాకోచత్వం

ఒక వస్తువు ధర మారినపుడు దాని డిమాండు పరిమాణం ఎంత మేరకు మారుతుందో తెలిపే కొలతను ఆర్థికశాస్త్రంలో డిమాండు ధర వ్యాకోచత్వం అంటారు. డిమాండులోని శాతం మార్పును ధరలోని శాతం మార్పుతో భాగిస్తే ఇది వస్తుంది. ఈ భావనకు స్పష్టమైన రూపమిచ్చినవాడు ఆంగ్ల ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్. 1890లో వెలువడిన తన గ్రంథంలో ఆయన దీనిని వివరించాడు. ధర, డిమాండు సాధారణంగా ఎదురుదిశలలో కదులుతాయి కనుక ఫలితం రుణ సంఖ్యగా వస్తుంది. వాడుకలో రుణ గుర్తును వదిలి, విలువను మాత్రమే చెప్పడం ఆనవాయితీ.

విలువ 1 కంటే ఎక్కువైతే వ్యాకోచ డిమాండు అనీ, తక్కువైతే అవ్యాకోచ డిమాండు అనీ, సరిగ్గా 1 అయితే ఏకత్వ వ్యాకోచ డిమాండు అనీ అంటారు. ధర మారితే అమ్మకందారుల మొత్తం రాబడి పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది ఈ విలువను బట్టే తేలుతుంది. దిగుబడి బాగా వచ్చిన ఏడాది రైతు నష్టపోవడానికి గల కారణం కూడా ఇందులోనే ఉంది.

== తెనాలి నిమ్మ మార్కెట్టు ఉదాహరణ ==

గుంటూరు జిల్లా తెనాలిలో నిమ్మకాయల టోకు మార్కెట్టు ఉంది. నిమ్మకాయ త్వరగా పాడయ్యే సరకు. కోసిన కాయను ధర పెరిగేదాకా నెలల తరబడి నిల్వ ఉంచడం కుదరదు. అందువల్ల యార్డుకు ఎంత సరకు వస్తే అంతా ఆ ఒకటి రెండు రోజులలోనే అమ్ముడుపోవాలి. వచ్చిన సరకును బట్టి ధర నిర్ణయమవుతుంది కనుక వ్యాకోచత్వాన్ని అర్థం చేసుకోవడానికి ఇది అనువైన ఉదాహరణ. కింది అంకెలు లెక్క కోసం ఊహించినవి.

ఒక రోజు 1,000 బస్తాలు రాగా బస్తా రూ.2,000 పలికిందనుకుందాం. మొత్తం రాబడి రూ.20 లక్షలు. కొద్ది రోజుల తరువాత, కొనుగోలుదారుల అవసరాలు మారకుండానే, 1,200 బస్తాలు వచ్చాయి. అదనపు సరకు కదలాలంటే ధర తగ్గాలి. బస్తా రూ.1,500కు పడిపోయింది. ఇపుడు మొత్తం రాబడి రూ.18 లక్షలు. అంటే రైతులు 200 బస్తాలు అదనంగా తెచ్చి, రూ.2 లక్షలు తక్కువ తీసుకువెళ్ళారు.

దీనిలో వ్యాకోచత్వమెంత? మొదటి రోజును ఆధారంగా తీసుకుంటే డిమాండు 20 శాతం పెరిగింది, ధర 25 శాతం తగ్గింది, కనుక 0.8. రెండవ రోజునుండి వెనక్కు లెక్కిస్తే డిమాండు 16.7 శాతం తగ్గింది, ధర 33.3 శాతం పెరిగింది, కనుక 0.5. ఒకే మార్పుకు రెండు జవాబులు రావడం ఇబ్బందికరం. అందుకే మార్పు పెద్దదైనపుడు రెండు స్థితుల సగటును ఆధారంగా తీసుకునే చాప పద్ధతిని వాడతారు.

```
e = ((Q2 − Q1) / (Q1 + Q2)) ÷ ((P2 − P1) / (P1 + P2))
```

ఈ సూత్రంలో 200/2,200ను 500/3,500తో భాగిస్తే, గుర్తును వదిలి, సుమారు 0.64 వస్తుంది. విలువ 1 కంటే తక్కువ, కనుక డిమాండు అవ్యాకోచం. ధర తగ్గిన నిష్పత్తిలో కొనుగోలు పెరగలేదు, అందుచేత రాబడి తగ్గింది. చాప పద్ధతికి ఇంకొక సుగుణముంది. రెండు రోజుల మొత్తం రాబడి సరిసమానంగా ఉంటే ఈ సూత్రం తప్పకుండా 1నే ఇస్తుంది. సాధారణ శాతాల పద్ధతికి ఆ భరోసా లేదు. ధర 10 శాతం పెరిగి డిమాండు 9.5 శాతం తగ్గితే ఆ పద్ధతిలో విలువ 0.95 వస్తుంది. అది చూసి రాబడి పెరిగిందనుకుంటారు. కాని 1.10ని 0.905తో హెచ్చవేస్తే 0.9955 మాత్రమే, నిజానికి రాబడి స్వల్పంగా తగ్గింది.

== వినియోగదారుని ఖర్చు, రైతు రాబడి ==

పాఠ్యపుస్తకాలలో కొనేవాడి ఖర్చే అమ్మేవాడి రాబడిగా చూపుతారు. తోటకూ వంటింటికీ మధ్య కమిషను, కూలి, రవాణా, చిల్లర వర్తకుని లాభం ఉన్నపుడు ఇది సరిపోదు. పట్టణంలో కిలో నిమ్మకాయలు రూ.80, అందులో రైతుకు రూ.40, మధ్య ఖర్చులు రూ.40 అనుకుందాం. మధ్య ఖర్చులు ధరతో పాటు తగ్గవు. లారీ కిరాయి కాయ ధరను బట్టి ఉండదు కదా. చిల్లర ధర 10 శాతం తగ్గి రూ.72 అయితే రైతు ధర రూ.32కు, అనగా 20 శాతం తగ్గుతుంది.

వినియోగదారుల డిమాండు వ్యాకోచత్వం 1.5 అనుకున్నా, కొనుగోలు 15 శాతమే పెరుగుతుంది. వెనుక కిలోకు ఖర్చయిన రూ.80 స్థానంలో ఇపుడు 72 × 1.15, అనగా రూ.82.80 ఖర్చవుతుంది. రైతులకు మాత్రం రూ.40 స్థానంలో 32 × 1.15, అనగా రూ.36.80 మాత్రమే దక్కుతుంది. చిల్లర అంగడిలో వ్యాకోచంగా ఉన్న డిమాండు తోట దగ్గరకు వచ్చేసరికి అవ్యాకోచమయింది. మధ్య ఖర్చులు స్థిరంగా ఉంటే, చిల్లర ధరలో రైతు వాటా ఎంత తక్కువైతే రైతు ఎదుర్కొనే వ్యాకోచత్వం అంత తగ్గుతుంది.

== ఒక రైతు, ఒక మార్కెట్టు, మొత్తం పంట ==

వ్యాకోచత్వం వస్తువుకు అంటిపెట్టుకున్న స్థిర గుణం కాదు. ఎవరి డిమాండును కొలుస్తున్నామో దానిని బట్టి మారుతుంది. బాపట్ల పరిశోధన కేంద్రంనుండి 1986లో విడుదలైన బీపీటీ 5204, అనగా సాంబమసూరి, పండించే ఒక రైతు పది బస్తాలు అదనంగా అమ్మినంత మాత్రాన ధర తగ్గదు. రెండు రూపాయలు ఎక్కువ అడిగితే కొనేవాడుండడు. అతని వరకు డిమాండు దాదాపు పూర్తి వ్యాకోచం. కనుక అధిక దిగుబడి అతనికి లాభమే. అందరికీ ఒకేసారి అధిక దిగుబడి వస్తే కథ వేరు, ఎందుకంటే ప్రజలు తినే అన్నం ధర తగ్గినంత మాత్రాన అంతగా పెరగదు.

తెనాలి నిమ్మ ఈ రెండింటికీ మధ్యస్థం. గూడూరు, ఏలూరు మార్కెట్ల సరకు దీనికి ప్రత్యామ్నాయం. తెనాలిలో మాత్రమే కాపు పెరిగితే ధర కొద్దిగానే తగ్గవచ్చు. మూడు చోట్లా పెరిగితే బాగా పడిపోతుంది.

== రైలు ఛార్జీలు ==

కోవిడ్ కాలంలో ఆగిన ప్యాసింజరు రైళ్ళను భారతీయ రైల్వే తిరిగి నడిపినపుడు ఎక్స్‌ప్రెస్ ఛార్జీలు వసూలు చేసింది. దానితో కనీస ఛార్జీ రూ.10 నుండి రూ.30 అయింది. 2024 ఫిబ్రవరిలో తిరిగి రూ.10కి తగ్గించారు. తెనాలి-రేపల్లె వంటి దగ్గరి ప్రయాణాలకు బస్సు, ఆటో ప్రత్యామ్నాయాలుగా ఉంటాయి. ఛార్జీ మూడింతలయినపుడు ప్రయాణికులు మూడవ వంతుకంటే తక్కువకు పడిపోతేనే టికెట్ల రాబడి తగ్గుతుంది. సగం మంది రైలు మానేసినా రాబడి ఒకటిన్నర రెట్లవుతుంది. రాబడి పెరిగిందంటే ప్రయాణికులకు ఇబ్బంది లేదని అర్థం కాదు. వేరే దారి లేనివారే మిగిలారని కూడా కావచ్చు.

== లెక్కలో జరిగే పొరపాట్లు ==

నిమ్మకాయలకు వేసవిలో ధర ఎక్కువ, వానాకాలంలో తక్కువ. ఈ రెండు ధరలనూ, అమ్మకాలనూ పక్కపక్కన పెట్టి వ్యాకోచత్వం లెక్కిస్తే తప్పుడు జవాబు వస్తుంది. వేసవిలో దాహం వల్ల డిమాండు రేఖే కుడివైపుకు జరుగుతుంది. వ్యాకోచత్వం ఒకే డిమాండు రేఖపై కదలికను కొలుస్తుంది. ధర, అమ్మకాలు రెండూ కలిసి పెరిగితే రేఖ జరిగిందని సులభంగా గుర్తించవచ్చు. రెండూ ఎదురుదిశలలో కదిలినా రేఖ కొంత జరిగి ఉండవచ్చు, అది పైకి కనిపించదు. అందువల్ల వాన వల్ల కోత ఆగిపోవడం వంటి కారణాలతో సరకు రాక మాత్రమే మారిన, దగ్గర దగ్గరి రోజులను ఎన్నుకోవడం మేలు.